గ.సా.భా., క.సా.గు. ఇచ్చి రెండో సంఖ్య అడిగితే: సూత్రం ఎందుకు పనిచేస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది

క్లుప్తంగా: రెండు సంఖ్యల గ.సా.భా.ను క.సా.గు.తో గుణిస్తే ఆ రెండు సంఖ్యల లబ్ధమే వస్తుంది. అందుకే ఒక సంఖ్య తెలిస్తే రెండోది భాగహారంతో దొరుకుతుంది. అయితే భాగహారం నిశ్శేషంగా తెగినంత మాత్రాన జవాబు సరైనదని అనుకోకూడదు. ఇచ్చిన మూడు సంఖ్యలూ ఒకదానితో ఒకటి పొసగాలి. అది తేల్చడానికి రెండు భాగహారాలు, ఒక చిన్న గ.సా.భా. పరిశీలన చాలు. మూడు సంఖ్యల విషయానికి వస్తే ఈ సూత్రం వర్తించదు.

ఆరో తరగతి గణితంలో మొదలై, పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలో మళ్లీ పలకరించి, ఉద్యోగ పరీక్షల అంకగణితం దాకా వెంట వచ్చే లెక్క ఒకటుంది. రెండు సంఖ్యల గ.సా.భా. 36, క.సా.గు. 7560, వాటిలో ఒకటి 504 అయితే రెండోది ఎంత? (గ.సా.భా.నే కొన్ని పుస్తకాలు గ.సా.కా. అంటాయి.) చాలామంది దీన్ని అర నిమిషంలో చేసేస్తారు. 36ను 7560తో గుణిస్తే 272160. దాన్ని 504తో భాగిస్తే 540. జవాబు సరైనదే. కానీ ఇదే పద్ధతిని ఇంతే నమ్మకంగా వాడితే, అసలు జవాబే లేని ప్రశ్నకు కూడా చక్కటి పూర్ణసంఖ్య ఒకటి వచ్చి కూర్చుంటుంది. అది ఎలా జరుగుతుందో తెలియాలంటే ముందు సూత్రం లోపల ఏం ఉందో చూడాలి.

## లబ్ధం ఎందుకు సమానమవుతుంది

504, 540లను ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే ఇలా ఉంటాయి.

504 = 2³ × 3² × 7
540 = 2² × 3³ × 5

గ.సా.భా. కోసం ప్రతి ప్రధాన సంఖ్యకూ రెండు ఘాతాంకాల్లో చిన్నది తీసుకుంటాం. క.సా.గు. కోసం పెద్దది తీసుకుంటాం. 2 దగ్గర ఘాతాంకాలు 3, 2. చిన్నదైన 2 గ.సా.భా.కు పోతుంది, పెద్దదైన 3 క.సా.గు.కు పోతుంది. 3 దగ్గర ఘాతాంకాలు 2, 3. ఇక్కడా 2 ఒకవైపు, 3 మరోవైపు. 5 మొదటి సంఖ్యలో లేదు, అంటే దాని ఘాతాంకం 0. కాబట్టి గ.సా.భా.లో 5 ఉండదు, క.సా.గు.లో ఒకసారి ఉంటుంది. 7 సంగతీ అంతే.

గ.సా.భా. = 2² × 3² = 36
క.సా.గు. = 2³ × 3³ × 5 × 7 = 7560

ప్రతి ప్రధాన సంఖ్య దగ్గరా ఉన్నవి రెండే ఘాతాంకాలు. వాటిలో ఒకటి చిన్నది, ఇంకొకటి పెద్దది. చిన్నది ఒకచోటికి, పెద్దది మరోచోటికి వెళ్లాక మిగిలేది ఏమీ లేదు. అందుకే రెండింటినీ గుణించినప్పుడు మొదట ఉన్న కారణాంకాలన్నీ తిరిగి వచ్చేస్తాయి. రెండు ఘాతాంకాలూ సమానమైనా ఇబ్బంది లేదు, చెరొకటి చెరో వైపు వెళ్తుంది. సూత్రం మొత్తం ఈ ఒక్క సంగతి మీదే నిలబడింది. మూడో సంఖ్య వస్తే ఎందుకు కూలిపోతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది, దాని గురించి చివర్లో.

ఇదే విషయాన్ని ఇంకోలా చూస్తే తెలియని సంఖ్యను కనుక్కోవడం మరింత తేలికవుతుంది. రెండు సంఖ్యల్లోనూ ఉమ్మడిగా ఉన్న భాగం 36. దాన్ని పక్కకు తీస్తే 504లో 14, 540లో 15 మిగులుతాయి. 14కూ 15కూ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు, అంటే అవి పరస్పర ప్రధాన సంఖ్యలు. క.సా.గు. అంటే ఉమ్మడి భాగం ఒకసారి, విడి భాగాలు చెరొకసారి. 36 × 14 × 15 = 7560. ఈ చూపు కొత్తదేమీ కాదు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు భిన్నాల కూడికలో వాడే నిరుద్ధాన్ని, అంటే హారాల క.సా.గు.ను, ఇలాగే చెప్పాడు. హారాలకు ఉమ్మడిగా ఉన్న కారణాంకాలనూ చివరకు మిగిలిన భాగఫలాలనూ వరసగా గుణించమన్నాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

## ముందు భాగించాలి, తర్వాత గుణించాలి

36 × 7560 ÷ 504 అన్నప్పుడు ఎక్కువమంది ముందు గుణకారం చేస్తారు. 272160 వస్తుంది. ఆ ఆరంకెల సంఖ్యను 504తో దీర్ఘ భాగహారం చేయాలి. పరీక్షలో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

ముందు గుణించాల్సిన పనే లేదు. క.సా.గు. అనేది రెండు సంఖ్యలకూ గుణిజం కాబట్టి, తెలిసిన సంఖ్య దాన్ని ఎప్పుడూ నిశ్శేషంగా భాగిస్తుంది. 7560 ÷ 504 = 15. దాన్ని 36తో గుణిస్తే 540. భాగహారం చిన్నదైపోయింది. అంతకంటే ముఖ్యంగా, మధ్యలో వచ్చిన 15కు ఒక అర్థం ఉంది. అది తెలియని సంఖ్యలో ఉమ్మడి భాగం పోగా మిగిలిన విడి భాగం. 272160కు అలాంటి అర్థమేమీ లేదు.

ఈ క్రమంలో చేస్తే ఇంకో లాభం ఉంది. తెలిసిన సంఖ్య క.సా.గు.ను నిశ్శేషంగా భాగించకపోతే ప్రశ్నలోనే లోపం ఉందని అక్కడికక్కడే బయటపడుతుంది. ముందు గుణించేసిన వాళ్లకు ఆ హెచ్చరిక కనిపించకపోవచ్చు. గ.సా.భా.లోని కారణాంకాలు వచ్చి ఆ లోటును కప్పేయగలవు.

## పూర్ణసంఖ్య వచ్చింది, జవాబు తప్పు

ఈ ప్రశ్న చూడండి. రెండు సంఖ్యల గ.సా.భా. 6, క.సా.గు. 72. ఒకటి 36 అయితే రెండోది ఎంత?

72 ÷ 36 = 2. దాన్ని 6తో గుణిస్తే 12. ఎక్కడా శేషం రాలేదు. సరిచూద్దామని 36 × 12 చేస్తే 432 వస్తుంది, 6 × 72 చేసినా 432 వస్తుంది. రెండూ సమానం. జవాబు 12 అని రాసేయాలనిపిస్తుంది.

కానీ 36, 12ల గ.సా.భా. ఎంత? 36ను 12 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి గ.సా.భా. 12, క.సా.గు. 36. ప్రశ్నలో ఇచ్చిన 6, 72 కానే కావు. గ.సా.భా. 6, క.సా.గు. 72 అయ్యేలా 36కు జోడీ ఏదీ లేదు. ప్రశ్నే తప్పు.

సరిచూసుకోవడంలో జరిగిన పొరపాటు మీద కాస్త ఆగాలి. 12ను రాబట్టింది లబ్ధాలు సమానమన్న సూత్రంతోనే. మళ్లీ అదే లబ్ధాలను పోల్చితే తేలేది భాగహారంలో తప్పు లేదన్నది మాత్రమే. ఆ జంట గ.సా.భా. నిజంగా 6 అవునో కాదో ఆ పోలిక చెప్పదు. కాబట్టి సరిచూడాల్సింది లబ్ధాన్ని కాదు, గ.సా.భా.ను. అదీ సూత్రంతో సంబంధం లేకుండా, విడిగా. యూక్లిడ్ భాగహార పద్ధతి ఇందుకు చాలు. 540ని 504తో భాగిస్తే శేషం 36. 504ను 36తో భాగిస్తే శేషం లేదు. కాబట్టి గ.సా.భా. 36. ఇచ్చిన దానితో సరిపోయింది. ఇది సరిపోయాక క.సా.గు.ను వేరే సరిచూడక్కర్లేదు. లబ్ధం ఎలాగూ సమానం కాబట్టి, గ.సా.భా. కుదిరితే క.సా.గు. తనంతట తానే కుదురుతుంది.

## లోపం ఎక్కడ పుడుతుంది

తెలిసిన సంఖ్యను గ.సా.భా.తో భాగిస్తే దాని విడి భాగం వస్తుంది. క.సా.గు.ను తెలిసిన సంఖ్యతో భాగిస్తే రెండో సంఖ్య విడి భాగం వస్తుంది. ఈ రెండు విడి భాగాలకూ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండకూడదు. ఉంటే అది కూడా ఉమ్మడి భాగంలోకే చేరాల్సింది, అంటే ఇచ్చిన గ.సా.భా. అసలు గరిష్ఠమే కాదన్నమాట.

36 ప్రశ్నలో 36 ÷ 6 = 6, 72 ÷ 36 = 2. 6కూ 2కూ ఉమ్మడిగా 2 ఉంది. అందుకే అసలు గ.సా.భా. 6కు రెట్టింపై 12 అయింది, క.సా.గు. 72లో సగమై 36 అయింది. ఇది యాదృచ్ఛికం కాదు. విడి భాగాల మధ్య ఎంత ఉమ్మడి భాజకం మిగిలితే గ.సా.భా. అన్ని రెట్లు పెరుగుతుంది, క.సా.గు. అన్నో వంతుకు తగ్గుతుంది. లబ్ధం మాత్రం కదలదు. సూత్రం ఈ తప్పును పట్టలేకపోవడానికి కారణం అదే.

504 లెక్కలో విడి భాగాలు 504 ÷ 36 = 14, 7560 ÷ 504 = 15. వాటికి ఉమ్మడి భాజకం లేదు కాబట్టి 540 నిజమైన జవాబు.

ఇంకో రకం లోపం కూడా ఉంది. గ.సా.భా. 4, క.సా.గు. 60, ఒక సంఖ్య 6 అని ఇచ్చారనుకుందాం. 60 ÷ 6 = 10, 10 × 4 = 40. ఇక్కడా పూర్ణసంఖ్యే వచ్చింది. కానీ 4 అనేది 6కు భాజకమే కాదు, మరి రెండింటికీ ఉమ్మడి భాజకం ఎలా అవుతుంది? 6, 40ల గ.సా.భా. 2, క.సా.గు. 120. తెలిసిన సంఖ్యను గ.సా.భా.తో భాగించి చూసి ఉంటే తొలి అడుగులోనే తెలిసిపోయేది.

కాబట్టి చేయాల్సిన పని క్రమంలో చెప్పాలంటే, ముందు తెలిసిన సంఖ్యను గ.సా.భా.తో భాగించాలి. తర్వాత క.సా.గు.ను తెలిసిన సంఖ్యతో భాగించాలి. రెండుచోట్లా శేషం రాకూడదు. వచ్చిన రెండు భాగఫలాలూ పరస్పర ప్రధాన సంఖ్యలు కావాలి. ఇవి కుదిరితే రెండో భాగఫలాన్ని గ.సా.భా.తో గుణించినది జవాబు, దానికి మించి వేరే జవాబు ఉండదు. ఏదో ఒకటి కుదరకపోతే ఆ ప్రశ్నకు జవాబు లేదు.

## ఏ సంఖ్యల దగ్గర జాగ్రత్త పడాలి

క.సా.గు.ను గ.సా.భా.తో భాగించి చూస్తే ప్రమాదం ఉందో లేదో ముందే తెలుస్తుంది. ఆ భాగఫలం రెండు విడి భాగాల లబ్ధం. అసలు ఈ భాగహారమే తెగకపోతే ప్రశ్న అక్కడితో ముగిసిపోతుంది. గ.సా.భా. 18, క.సా.గు. 760 ఉన్న జంట ఎక్కడా ఉండదు, ఎందుకంటే 760ని 18 నిశ్శేషంగా భాగించదు.

7560 ÷ 36 = 210 = 2 × 3 × 5 × 7. ఏ ప్రధాన సంఖ్యా రెండుసార్లు రాలేదు. ఒక్కొక్కటి ఏదో ఒక వైపుకే వెళ్లాలి కాబట్టి 210ని రెండుగా ఎలా విడగొట్టినా ఆ రెండు భాగాలకూ ఉమ్మడి భాజకం ఉండదు. అందుకే 36కు గుణిజమై, 7560కు భాజకమైన ఏ సంఖ్యను ఇచ్చినా జవాబు దొరుకుతుంది.

72 ÷ 6 = 12 = 2² × 3. ఇక్కడ 2 రెండుసార్లు ఉంది. ఆ రెండు 2లూ కలిసి ఒకే వైపు వెళ్లాలి. చెరొకటి చెరో వైపు వెళ్తే అవి ఉమ్మడి భాజకమైపోతాయి. కాబట్టి 12ను 1 × 12గా గాని 3 × 4గా గాని విడగొట్టవచ్చు, 2 × 6గా మాత్రం కుదరదు. వీటిని 6తో గుణిస్తే 6, 72 ఒక జంట, 18, 24 మరో జంట. తెలిసిన సంఖ్య ఈ నాలుగింటిలో ఏదైనా కావచ్చు. 12, 36 మాత్రం కాకూడదు. అవి 6కు గుణిజాలు, 72కు భాజకాలు, అయినా పనికిరావు.

ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు కూడా ఇదే దారి. గ.సా.భా., క.సా.గు., ఒక సంఖ్య అంటూ మూడింటినీ విడివిడిగా ఎంచుకుంటే తప్పు ప్రశ్న పుట్టే అవకాశం ఉంటుంది. దానికి బదులు ముందు రెండు పరస్పర ప్రధాన సంఖ్యలను తీసుకోవాలి, 8, 15 అనుకుందాం. గ.సా.భా.గా 21ని ఎంచుకుంటే సంఖ్యలు 168, 315 అవుతాయి, క.సా.గు. 21 × 8 × 15 = 2520 అవుతుంది. ఇలా కట్టిన ప్రశ్న ఎప్పుడూ చెదరదు.

## సంఖ్యకు బదులు మొత్తం ఇస్తే

కొన్ని ప్రశ్నల్లో ఒక సంఖ్యను ఇవ్వకుండా రెండింటి మొత్తం ఇస్తారు. గ.సా.భా. 36, క.సా.గు. 7560, సంఖ్యల మొత్తం 1332 అనుకుందాం. 272160ను రెండు కారణాంకాలుగా విడగొట్టి మొత్తం 1332 వస్తుందేమో వెతకడం చాలా పెద్ద పని. అన్నింటినీ 36తో భాగిస్తే లెక్క చేతిలో ఇమిడిపోతుంది. విడి భాగాల లబ్ధం 7560 ÷ 36 = 210, వాటి మొత్తం 1332 ÷ 36 = 37. లబ్ధం 210, మొత్తం 37 అయ్యేవి 7, 30. సంఖ్యలు 252, 1080.

ఇక్కడ ఒక తప్పు తరచుగా కనిపిస్తుంది. క.సా.గు.ను ఒక్కసారి కాకుండా రెండుసార్లు 36తో భాగించేస్తారు. సంఖ్యలు రెండింటిలోనూ 36 ఉంది కాబట్టి వాటి లబ్ధాన్ని రెండుసార్లు భాగించాలి, నిజమే. కానీ క.సా.గు.లో ఉమ్మడి భాగం ఒక్కసారే ఉంటుంది. దాన్ని ఒక్కసారే తీయాలి.

## మూడు సంఖ్యల దగ్గర

4, 6, 10 తీసుకుంటే గ.సా.భా. 2, క.సా.గు. 60. వాటి లబ్ధం 120. కానీ 4 × 6 × 10 = 240. సమానం కాలేదు. 2 దగ్గర ఘాతాంకాలు 2, 1, 1. చిన్నది గ.సా.భా.కు, పెద్దది క.సా.గు.కు వెళ్లాక మధ్యలోది ఒకటి ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది. ఆ మిగిలిన 2 వల్లే లబ్ధాల మధ్య రెట్టింపు తేడా వచ్చింది.

దీని ప్రభావం తెలియని సంఖ్య మీద ఎలా పడుతుందో చూడాలి. మూడు సంఖ్యల గ.సా.భా. 6, క.సా.గు. 180. రెండు సంఖ్యలు 12, 18. మూడోది ఎంత? రెండు సంఖ్యల సూత్రాన్నే సాగదీసి 6 × 180 ÷ (12 × 18) చేస్తే 5 వస్తుంది. పూర్ణసంఖ్యే, కానీ 12, 18, 5ల గ.సా.భా. 1.

ఘాతాంకాలతో చేస్తే సంగతి తేలుతుంది. 12 = 2² × 3, 18 = 2 × 3², 180 = 2² × 3² × 5. 5 అనేది 12లోనూ 18లోనూ లేదు, క.సా.గు.లో ఉంది. కాబట్టి మూడో సంఖ్యలో అది ఒకసారి తప్పక ఉండాలి. 2 విషయంలో గ.సా.భా. కోరే చిన్న ఘాతాంకం 1ని 18, క.సా.గు. కోరే పెద్ద ఘాతాంకం 2ను 12 ఇప్పటికే తీర్చేశాయి. మూడో సంఖ్యలో 2 ఒకసారి ఉన్నా, రెండుసార్లు ఉన్నా ఏమీ మారదు. 3 విషయమూ అంతే. అందువల్ల 30, 60, 90, 180 నాలుగూ సరైన జవాబులే.

ఒకే జవాబు రావాలంటే జంటల గ.సా.భా.లు కూడా ఇవ్వాలి. పై ప్రశ్నలోనే తెలియని సంఖ్యకూ 12కూ గ.సా.భా. 12 అని, దానికీ 18కీ గ.సా.భా. 6 అని చేర్చారనుకుందాం. మొదటి షరతుతో అది 12కు గుణిజం కావాలి కాబట్టి 60, 180 మాత్రమే మిగులుతాయి. 180కీ 18కీ గ.సా.భా. 18 కాబట్టి రెండో షరతుతో 180 తప్పుకుంటుంది. జవాబు 60.

మూడు సంఖ్యలకు సరైన సూత్రం కూడా జంటల గ.సా.భా.లనే అడుగుతుంది. మూడింటి లబ్ధాన్ని మూడింటి గ.సా.భా.తో గుణించి, మూడు జంటల గ.సా.భా.ల లబ్ధంతో భాగిస్తే క.సా.గు. వస్తుంది. 12 × 18 × 60 = 12960, దాన్ని 6తో గుణిస్తే 77760. జంటల గ.సా.భా.లు 6, 6, 12, వాటి లబ్ధం 432. 77760 ÷ 432 = 180.